తప్పిన రోజు కాదు, మర్నాడు



ఈ చిన్న పుస్తకంలో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. త్రిశరణ పంచశీలాలు తీసుకున్న మనిషి, నెలల తరబడి చుక్క ముట్టని మనిషి, ఒక రాత్రి తాగాడు. తెల్లారింది. ఇప్పుడతను ఎవరు? బౌద్ధుడేనా, కాదా? అతను తీసుకున్న శీలం ఉందా, పోయిందా?

వాడలో దీనికి జవాబు చాలా తొందరగా వస్తుంది. "ఏం బౌద్ధుడండీ, నిన్న రాత్రి చూశాంగా" అంటారు. ఆ మాట బయటివాళ్లు అనకముందే ఆ మనిషి లోపల తనకు తనే అనుకుని ఉంటాడు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. రాత్రి తాగిన దానివల్ల జరిగే నష్టం ఒక రాత్రిది. పొద్దున అనుకున్న మాటవల్ల జరిగే నష్టం ఏళ్ల తరబడి సాగుతుంది.

శీలం మడి కాదు

మనం విడిచి వచ్చిన మతంలో వ్రతానికి ఒక లెక్క ఉంది. నియమంలో ఒక్కటి తప్పితే వ్రతభంగం, చేసిందంతా వ్యర్థం. మడి కట్టుకున్న మనిషికి ఒక్కరు తగిలితే మడంతా పోయినట్టే. ఈ ఆలోచన ఎంత దూరం పోతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో మనవాళ్లు చౌదార్ చెరువు నీళ్లు తాగితే, చెరువు మొత్తం మైలపడిందని శుద్ధి చేశారు. కొందరు దోసిళ్లతో నీళ్లు తాగినందుకు చెరువంతా మైల! ఒక్క తాకిడికి మొత్తం చెడిపోతుందనే నమ్మకం నుంచి పుట్టిన పని అది.

ఇప్పుడు ఆలోచించండి. తొంభై రోజులు తాగకుండా ఉండి ఒక్కరోజు తాగినవాడు "అంతా పోయింది" అనుకుంటే, ఆ తొంభై రోజుల్ని చెరువులాగే మైలపరిచినట్టు కాదా? మైలను బయట కాదని వచ్చి, మన శీలంలోకి మనమే తెచ్చి పెట్టుకున్నట్టు కాదా?

మడి లెక్కలో ఇంకో లోపం కూడా ఉంది. మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లను మీరూ చూసే ఉంటారు. వాళ్ల పట్టుదలను నేను తక్కువ చెయ్యను. కానీ మాల తీసిన మర్నాడు చాలామంది మళ్లీ షాపు దగ్గరే కనబడతారు. గొలుసు తెగకుండా ఉంచడమే గురి అయినప్పుడు, గొలుసు పూర్తయినా తెగినా జరిగేది ఒకటే. మనిషి ఆగిపోతాడు. బుద్ధుడు శీలానికి గడువు పెట్టలేదు. అందుకే తప్పినప్పుడు ఏం చెయ్యాలో కూడా చెప్పాల్సి వచ్చింది.

మనం నోటితో ఏమంటున్నాం?

వందన అప్పుడు ప్రతి శీలం చివర మనం పలికే రెండు పాళీ మాటలు ఉన్నాయి. మొదటిది సిక్ఖాపదం. సిక్ఖ అంటే శిక్షణ, నేర్చుకోవడం. మన తెలుగులో శిక్ష అంటే దండన అనే అర్థమే మిగిలింది కాబట్టి చాలామందికి ఇది చెవిన పడదు. రెండోది సమాదియామి. అంటే స్వీకరిస్తున్నాను, చేపడుతున్నాను అని. ఎవరో పైనుంచి ఇచ్చిన ఆజ్ఞ కాదు, తప్పితే నరకంలో వేస్తాననే బెదిరింపు కాదు. నేర్చుకోవడానికి ఒక నియమాన్ని నా అంతట నేను చేతిలోకి తీసుకుంటున్నాను అంటున్నాం.

చేతిలోకి తీసుకున్నది జారితే మళ్లీ తీసుకోవచ్చు. అందుకే ప్రతి వందనలో, ప్రతి సమావేశంలో, పెళ్లిలో, చావులో కూడా పంచశీలాలు మళ్లీ మళ్లీ తీసుకుంటాం. ఒక్కసారి తీసుకుంటే ఇక తప్పేదే లేదనుకుంటే ఇన్నిసార్లు తీసుకోవడం ఎందుకు?

బాబాసాహెబ్ తన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో ఇదే ప్రశ్నను సూటిగా తీసుకున్నారు. పరివ్రాజకులకు బుద్ధుడు చేసిన మొదటి ప్రవచనంలో, పరిశుద్ధ మార్గం గురించి చెప్పేచోట, పతితులు రెండు రకాలని వస్తుంది. జీవితానికి ఒక ప్రమాణం పెట్టుకున్న పతితుడు ఒకడు, ఏ ప్రమాణమూ లేని పతితుడు ఇంకొకడు. ప్రమాణం లేనివాడికి తాను పడ్డానని కూడా తెలియదు, కాబట్టి ఎప్పటికీ పడే ఉంటాడు. ప్రమాణం ఉన్నవాడికి పడ్డానని తెలుస్తుంది, కాబట్టి లేవడానికి చూస్తాడు. ఇది చదివినప్పుడు ఒక సంగతి గమనించాలి. అక్కడ బౌద్ధుడికీ మరొకడికీ మధ్య గీత గీసింది పడకపోవడం దగ్గర కాదు, లేవడం దగ్గర.

కనుమ, ముక్కనుమ

ఒక మేస్త్రీ సంగతి ఊహించుకుందాం. వారానికి నాలుగైదు రోజులు పని దిగాక క్వార్టర్ తాగే అలవాటు. అక్టోబర్ 14న దీక్ష తీసుకున్నాడు. 22 ప్రతిజ్ఞలు చెప్పాడు, అందులో మద్యం ముట్టననేది కూడా ఉంది. ఆరోజు నుంచే మానేశాడు. గోడ క్యాలెండర్‌లో రోజూ ఒక గీత పెట్టాడు. సంక్రాంతి దాకా 94 గీతలు. కనుమనాడు అత్తగారి ఊళ్లో ఉన్నాడు. మాంసం వండారు. సాయంత్రం బావమరుదులు పందిట్లో కూర్చున్నారు. "బావా, పండగపూట కాదనకూడదు, ఒక్క గ్లాసు" అన్నారు. ఒకటి కాస్తా నాలుగయ్యాయి.

కనుమ మర్నాడు ముక్కనుమ. పందిరి అక్కడే ఉంది, బావమరుదులు అక్కడే ఉన్నారు, సీసాలో ఇంకా మిగిలి ఉంది. నిన్నటి కంటే ఈరోజు పెద్ద పరీక్ష. నిన్న అతన్ని పిలిచింది బావమరుదులు. ఈరోజు పిలుస్తున్నది అతని మనసే. "ఎలాగూ పోయింది కదా. పండగ అయ్యాక చూద్దాం. మళ్లీ అక్టోబర్ 14న కొత్తగా మొదలెడదాం" అంటుంది.

అమెరికాలో అలన్ మార్లట్ అనే మనస్తత్వవేత్త తాగుడు మానినవాళ్లు మళ్లీ ఎలా పడిపోతారో ఏళ్ల తరబడి పరిశీలించాడు. 1985లో జూడిత్ గోర్డన్‌తో కలిసి దీనిమీద ఒక పుస్తకం తెచ్చాడు. ఆయన చెప్పింది మన మాటల్లో పెట్టుకుంటే, జారడం వేరు, పడిపోవడం వేరు. ఒకసారి తాగడం జారడం. పాత బతుక్కి తిరిగిపోవడం పడిపోవడం. ఈ రెండిటి మధ్యా ఉండేది సారా ఒక్కటే కాదు, ఆ మనిషి తన తప్పుకు చెప్పుకునే కారణం కూడా. "నిన్న ఆకలితో, మొహమాటంతో, ఆ పందిట్లో కూర్చున్నాను కాబట్టి తాగాను" అనుకున్నవాడు రేపు పందిట్లో కూర్చోకుండా ఉండగలడు. "నేనింతే, నా రక్తంలోనే ఉంది" అనుకున్నవాడికి చెయ్యడానికి ఏమీ మిగలదు, తాగడం తప్ప.

"నా రక్తంలోనే ఉంది" అనే మాట మనకు కొత్త కాదు. మన వాడల గురించి ఊరు ఎప్పటినుంచో అంటున్న మాటే అది. "వాళ్లింతే, మారరు" అంటుంది ఊరు. ఒక్క రాత్రి జారినందుకు ఆ మాటని మనమే మన నోటితో ఒప్పుకుంటే ఎలా? ధమ్మం దీన్ని రెండు వైపుల నుంచి కాదంటుంది. మారని ఆత్మ అంటూ లేదన్నాడు బుద్ధుడు. కాబట్టి మారని తాగుబోతు స్వభావం కూడా లేదు. ప్రతిదానికీ కారణం ఉందన్నాడు. కాబట్టి కనుమ రాత్రికీ కారణాలున్నాయి. కారణాలు తెలిస్తే తొలగించవచ్చు.

ఒక్కరోజు తప్పితే చేసిందంతా కొట్టుకుపోతుందా? లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన పరిశోధన 2010లో వచ్చింది. వాళ్లు భోజనంతో పాటు ఒక పండు తినడం, రోజూ కాసేపు నడవడం లాంటి చిన్న అలవాట్లు ఎంచుకుని 12 వారాలు చేశారు. అలవాటు కుదురుకోవడానికి కొందరికి 18 రోజులు సరిపోతే, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినందువల్ల అలవాటు కుదురుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది పండు తినే అలవాటు మీద చేసిన పరిశోధన, తాగుడు మానడం మీద కాదు. అయినా పొద్దున వందనకు, ఆనాపానసతికి, రోజూ నాలుగు పేజీలు చదవడానికి ఇది సరిగ్గా వర్తిస్తుంది. ఒకరోజు తప్పితే పాతది చెరిగిపోదు. వరుసగా తప్పుతూ పోతేనే, తప్పడం కూడా ఒక అలవాటుగా కుదురుకుంటుంది.

ముక్కనుమ నాడు చెయ్యాల్సిన పనులు

మన మేస్త్రీ ఆరోజు ఏం చెయ్యాలి? పెద్ద పెద్ద ఒట్లు అక్కర్లేదు. నాలుగు పనులు చాలు.

మొదటిది, మధ్యాహ్నంలోపు ఒక్కరికి చెప్పాలి. భార్యకు గానీ, వాడలో వందన చేయించే ఉపాసకుడికి గానీ. "రాత్రి తాగాను. ఈరోజు తాగను" అని రెండు ముక్కలు. ఎందుకు చెప్పాలంటే, దాచిన తప్పు ఒంటరిగా ఉండదు. ఐదో శీలం తప్పినదాన్ని దాచడానికి అబద్ధమాడాలి, అప్పుడు నాలుగోదీ తప్పుతాం. రెండు తప్పినవాడికి సంఘంలోకి రావడానికి మొహం చెల్లదు. సంఘానికి రానివాడికి మిగిలేది పందిరే.

రెండోది, ఆ సాయంత్రమే మళ్లీ శీలం తీసుకోవాలి. పౌర్ణమి దాకా ఆగొద్దు, అక్టోబర్ దాకా అసలే ఆగొద్దు. దగ్గర బుద్ధ విగ్రహం లేకపోయినా, మైనపు వత్తి లేకపోయినా పర్వాలేదు. అత్తగారింటి అరుగు మీద కూర్చుని త్రిశరణం, పంచశీలం చెప్పుకుంటే చాలు. రోజూ ఇరవై నిమిషాలు కూర్చునేవాడు ఆరోజు ఐదు నిమిషాలే కూర్చున్నా సరే. నిన్నటిదాన్ని పూడ్చడానికి గంట కూర్చుంటానని పట్టుబడితే అదీ మడే. ఆ గంట కుదరదు, కుదరలేదని రెండోరోజు కూడా పోతుంది.

మూడోది, ఆ రాత్రిని వెనక నుంచి చూసుకుంటూ రావాలి. గ్లాసు చేతికి వచ్చింది, ఎందుకంటే పందిట్లో కూర్చున్నాడు. పందిట్లో ఎందుకు కూర్చున్నాడు? వేరే చోటు లేదు. గ్లాసు వద్దని ఎందుకనలేదు? తాను మానేసినట్టు బావమరుదులకు ముందే చెప్పలేదు. అందరి ముందూ అప్పటికప్పుడు చెప్పాలంటే మొహమాటం. పొద్దున్నుంచి సరిగ్గా తినలేదు, ఆకలిగా కూడా ఉంది. ఇన్నిటిలో అతని చేతిలో ఉన్నవి రెండు. పగలే పెద్ద బావమరిదిని పక్కకు పిలిచి "నేను మానేశాను, నన్ను బలవంతం చెయ్యొద్దు" అని చెప్పడం ఒకటి, పందిరి వెయ్యకముందే కడుపునిండా తినెయ్యడం రెండోది. ఆరోజుకి అవి చాలు. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పింది కూడా ఈ పద్ధతే. అద్దంలో మొహం చూసుకున్నట్టు చేసే పనిని చెయ్యకముందు, చేస్తున్నప్పుడు, చేశాక చూసుకోమన్నాడు. తప్పు కనబడితే తెలిసినవాళ్ల దగ్గర చెప్పి, ఇకముందు అదుపులో ఉండమన్నాడు. కుమిలిపొమ్మని చెప్పలేదు.

నాలుగోది, క్యాలెండర్‌లో పాత గీతలు చెరపకూడదు. కనుమనాడు ఖాళీ వదిలేసి ముక్కనుమనాడు మళ్లీ గీత పెట్టాలి. లెక్క ఒకటి నుంచి కాదు, 95 నుంచి. ఒక ఏడాది తీసుకుని చూడండి. కనుమతో అంతా పోయిందనుకుని పాతదారి పట్టినవాడికి మిగిలేవి 94 రోజులు. ఏడాదిలో ఏడుసార్లు జారి, ఏడుసార్లూ మర్నాడే లేచినవాడికి 358 రోజులు. మొదటివాడికి 94 రోజుల తెగని గొలుసు ఉంది, రెండోవాడి గొలుసు ఏడుచోట్ల తెగింది. ఎవరి ఇంట్లో బియ్యం డబ్బా నిండుగా ఉంటుందో మీరే చెప్పండి.

సాగతుడి కథ

భిక్షువులకు మద్యం తాగకూడదనే నియమం ఎలా వచ్చిందో వినయపిటకంలో ఉంది. సాగతుడనే భిక్షువు ఒక భయంకరమైన సర్పాన్ని అదుపు చేశాడని పేరొచ్చింది. పాము సంగతి మనం నమ్మినా నమ్మకపోయినా తర్వాత జరిగింది చూడండి. ఆయన కోశాంబికి వస్తే అక్కడి గృహస్థులు గౌరవంగా ప్రతి ఇంట్లో మద్యం పోశారు. ఎవరినీ కాదనలేక అన్ని ఇళ్లలోనూ తాగి, ఊరు దాటుతూ నగర ద్వారం దగ్గర పడిపోయాడు. భిక్షువులు మోసుకొచ్చారు. బుద్ధుడి వైపు తల పెట్టి పడుకోబెడితే, తెలివిలేక తిరిగి ఆయన వైపు కాళ్లు చాపాడు. కనుమ పందిట్లో జరిగేది కూడా ఇదే కదా. శత్రువులు పోసింది కాదు, ప్రేమతో పోసింది.

బుద్ధుడు సాగతుణ్ణి వెళ్లగొట్టలేదు. మత్తులో మనిషి ఏమవుతాడో భిక్షువులకు చూపించి నియమం పెట్టాడు. ఆ నియమాన్ని పాచిత్తియ అనే వరుసలో పెట్టారు. అంటే ఆ తప్పు చేసిన భిక్షువు తోటి భిక్షువు దగ్గర ఒప్పుకుని, ఇకముందు జాగ్రత్తగా ఉంటానంటే తీరిపోతుంది. పాళీ సంప్రదాయంలో భిక్షువులకు 227 నియమాలు. వాటిలో తప్పితే భిక్షుత్వమే పోయేవి నాలుగే. మిగతావాటికి తిరిగొచ్చే దారి ఉంది, చాలావాటికి ఆ దారి కేవలం చెప్పుకోవడం. పదిహేను రోజులకోసారి ఉపోసథనాడు భిక్షువులు కూడి నియమాలు చదివేముందు ఈ పని జరుగుతుంది. సాగతుడు ఏమయ్యాడు? బుద్ధుడి శిష్యుల్లో ఒక్కో విషయంలో అగ్రగణ్యులైనవాళ్ల జాబితా అంగుత్తర నికాయంలో ఉంది. తేజోధాతు ధ్యానంలో నేర్పరిగా అందులో సాగతుడి పేరుంది. నగర ద్వారం దగ్గర పడిపోయిన మనిషే ఆయన.

ఇది సడలింపు కాదు

"ఒకసారి తప్పొచ్చని చెబితే అందరూ తప్పుతారు కదా" అని మీలో కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, మర్నాటి నియమం మొదటిరోజుకి సెలవివ్వదు, రెండోరోజుకి సాకు ఇవ్వదు. తప్పు ముందుగా అనుకుని చేసింది కాకూడదు. "ఈరోజు తాగి రేపు మానేస్తాను, ఎల్లుండి మళ్లీ చూద్దాం" అనుకుంటే అది లేవడం కాదు, రోజు విడిచి రోజు తాగడం. తేడా క్యాలెండరే చెబుతుంది. ఖాళీల మధ్య దూరం పెరుగుతుంటే లేస్తున్నట్టు. మూడు నెలలకో ఖాళీ కాస్తా నెలకొకటి, వారానికొకటి అవుతుంటే, పేరుకు రెండురోజులు వరుసగా తప్పకపోయినా పడిపోతున్నట్టే. అప్పుడు ఒక్కడే చూసుకుంటే సరిపోదు, సంఘం పెద్దల్ని, డాక్టర్ని కలవాలి.

ఇంకో హద్దు ఉంది. ఈ లెక్క మన సాధనకు మాత్రమే. ఇంకొకరి ఒంటిమీద పడే దెబ్బకు కాదు. తాగొచ్చి భార్యను కొట్టినవాడు "ఒక్కసారే కదా, మర్నాడు లేచాను" అంటే కుదరదు. అక్కడ లెక్కపెట్టాల్సింది అతని రోజులు కాదు, ఆమె దెబ్బలు. ఆమెకు రక్షణ కావాలి, అతను ఆమెకు జవాబు చెప్పాలి. శీలం మళ్లీ తీసుకున్నంతమాత్రాన అది తీరదు. క్షమించాలో లేదో ఆమె ఇష్టం, సంఘం బలవంతపెట్టే పని కాదు.

మూడోది ఒంటికి సంబంధించింది. రోజూ, పొద్దున్నుంచే ఎక్కువగా తాగేవాళ్లు పట్టుదలమీద ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలై, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో లేనివి కనబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం దాకా పోవచ్చు. ప్రాణం పోయే స్థితి అది. అలాంటివాళ్లు మానేముందే ఆసుపత్రిలో డాక్టర్‌ని కలవాలి. ఇది సంకల్పబలం తక్కువై కాదు, దేహధర్మం.

చివరగా ఇంట్లోవాళ్లకీ, సంఘంలోని పెద్దలకీ ఒక మాట. మన మేస్త్రీ ముక్కనుమనాడు వచ్చి "రాత్రి తాగాను" అని చెప్పినప్పుడు, మీ నోటినుంచి వచ్చే మొదటి మాటకు చాలా విలువుంది. "నాకు తెలుసు, నువ్వింతే" అంటే పందిట్లోకి తోసినట్టే. "పర్వాలేదులే, పండగ కదా" అన్నా తోసినట్టే. భిక్షువుల పద్ధతి ఈ రెండూ కాదు. తప్పును తప్పుగా చూశావా అని అడుగుతారు. చూశానంటే, ఇకమీదట జాగ్రత్త అంటారు. అంతటితో ఆ సంగతి ముగుస్తుంది, మళ్లీ ఎత్తిపొడుపు ఉండదు. మీరూ అంతే చెయ్యండి. అడగండి, వినండి, ఆ సాయంత్రం వందనకు పక్కన చాప వెయ్యండి.

వచ్చే పౌర్ణమికి మీ వాడలో సమావేశం పెట్టుకున్నప్పుడు, ఈ నెలలో ఎన్నిరోజులు తప్పకుండా ఉన్నామని అడగొద్దు. తప్పిన మర్నాడు ఏం చేశామని ఒకరినొకరు అడగండి.

జైభీమ్. నమో బుద్ధాయ.